బయటి పీడనానికి పల్చటి గొట్టం నలిగిపోకుండా మందం ఎలా లెక్కకట్టాలి

నీళ్లలోకి దించే కెమెరా పెట్టెలు, సెన్సర్ డబ్బాలు సొంతంగా తయారుచేసుకునేవాళ్ల నుంచి తరచూ వచ్చే ప్రశ్న ఒకటుంది. "అల్యూమినియం గొట్టం తీసుకున్నాను. దాని గోడలో వచ్చే ఒత్తిడి లోహం తట్టుకునేదాంట్లో తొమ్మిదో వంతు కూడా లేదు. అయినా అనుకున్న లోతుకి చేరకముందే చప్పిడైపోయింది. లోహం నాసిరకందా?"

చాలాసార్లు లోహంలో ఏ దోషమూ ఉండదు. లెక్క వేసింది ఒక రకం వైఫల్యానికి, గొట్టం పోయింది ఇంకో రకంగా. సన్నటి పుల్లను నిట్టనిలువుగా నిలబెట్టి పైనుంచి నొక్కండి. అది నుజ్జవదు, ముందు పక్కకి వంగిపోతుంది. పల్చటి గొట్టాన్ని చుట్టూ నుంచి నొక్కినా అంతే. గోడ లోహం లొంగే స్థాయికి, అంటే యీల్డ్‌కి, చేరకముందే గుండ్రటి ఆకారం నిలకడ తప్పి గోడ లోపలికి మడతపడుతుంది. దీన్నే బక్లింగ్ అంటాం. యీల్డ్‌ని నిర్ణయించేది లోహం బలం. బక్లింగ్‌ని నిర్ణయించేవి లోహం బిగుతు (యంగ్స్ మాడ్యులస్, E), గోడ మందం, వ్యాసం, పొడవు, ఇంకా గొట్టం ఎంత గుండ్రంగా ఉందన్నది. ఈ వ్యాసానికి ఇంత సిద్ధాంతం చాలు.

ఒకే ఉదాహరణని చివరిదాకా తీసుకెళదాం. 6061-టీ6 అల్యూమినియం గొట్టం, బయటి వ్యాసం 150 మి.మీ., రెండు మూతల మధ్య పొడవు 400 మి.మీ., సముద్రంలో 100 మీటర్ల లోతుకి దించాలి, లోపల మామూలు గాలి. చేతిలో ఉన్న గొట్టం మందం 2.5 మి.మీ. అది సరిపోతుందా?

దగ్గర ఉంచుకోవలసినవి

- వెర్నియర్ కాలిపర్, గొట్టం లోపలి వంపుకి ఆనేలా గుండు మొన ఉన్న మైక్రోమీటర్
- 90 డిగ్రీల వీ-బ్లాక్, స్టాండుతో డయల్ గేజ్ (ఇవి ఎందుకో 5వ మెట్టులో తెలుస్తుంది, వదిలేయకండి)
- లోహానికి E, పాయిసాన్ నిష్పత్తి ν, యీల్డ్ బలం విలువలు. మన గొట్టానికి E = 69,000 మెగాపాస్కల్, ν = 0.33, యీల్డ్ 276 మెగాపాస్కల్
- క్యాలిక్యులేటర్. పైథాన్ ఉంటే ఇంకా మంచిది
- పరీక్షకి నీళ్లతో నింపే పీడన పాత్ర, చేతి పంపు, పీడన గేజ్, మిల్లీలీటర్ గీతలున్న సన్నటి గాజు గొట్టం

1. పీడనం తేల్చుకోండి

సముద్రపు నీటి సాంద్రత ఘనపు మీటరుకి 1025 కిలోలు, గురుత్వం 9.81, లోతు 100 మీటర్లు. మూడూ గుణిస్తే 1.005 మెగాపాస్కల్ వస్తుంది. నీటి ఉపరితలం మీద ఉన్న వాతావరణ పీడనం గొట్టం లోపలి గాలికీ ఉంటుంది కాబట్టి ఆ రెండూ కొట్టేసుకుంటాయి. గోడ మోయాల్సింది ఈ తేడానే.

మీ పని వాక్యూమ్ గొట్టమైతే లోతు ప్రసక్తే లేదు. బయటి పీడనం 0.101 మెగాపాస్కల్ అని పెట్టుకుని మిగతా మెట్లన్నీ ఇలాగే చేయండి. లోపల వాక్యూమ్ ఎంత గాఢంగా ఉన్నా ఈ అంకె అంతకు మించి పెరగదు.

2. యీల్డ్ లెక్క వేయండి, కానీ అక్కడ ఆగిపోకండి

గోడలో చుట్టువారీ ఒత్తిడికి సూత్రం `σ = p·D/(2t)`. మన గొట్టానికి 1.005 × 150 / 5, అంటే సుమారు 30 మెగాపాస్కల్. యీల్డ్ 276. కాబట్టి తొమ్మిది రెట్ల భద్రత ఉన్నట్టు కనిపిస్తుంది.

చాలామంది ఇక్కడే కాగితం మడిచేస్తారు. ఈ సూత్రంలో పొడవు ఎక్కడా లేదని గమనించండి. 40 సెంటీమీటర్ల గొట్టానికీ 2 మీటర్ల గొట్టానికీ ఇది ఒకే జవాబు చెబుతుంది. బయటి పీడనం దగ్గర ఆ జవాబు తప్పు. పొడవు పెరిగేకొద్దీ గొట్టం తక్కువ పీడనానికే నలుగుతుందని విలియం ఫెయిర్‌బెయిర్న్ 1858లోనే ప్రయోగాలు చేసి చూపించాడు. అప్పట్లో ఆవిరి బాయిలర్లలో మంట వెళ్లే పొడవాటి గొట్టాలు బయటి ఆవిరి పీడనానికి నలిగిపోతుండేవి. ఆ సమస్యకి మూలం పొడవులో ఉందని తేలింది అలాగే.

3. పొడవు ఎక్కడి నుంచి ఎక్కడికో ఖాయం చేసుకోండి

ఇక్కడ కొలవాల్సింది గొట్టం మొత్తం పొడవు కాదు. గోడని గుండ్రంగా పట్టి ఉంచే రెండు ఆధారాల మధ్య దూరం. గొట్టంలోకి బిర్రుగా దిగే లావు మూత ఉంటే, రెండు మూతల లోపలి ముఖాల మధ్య దూరమే L. మన ఉదాహరణలో 400 మి.మీ.

ఇక్కడ జరిగే పొరపాటు ఒకటి చూడండి. కొందరు గొట్టం అంచు మీద చదునైన బిళ్ల పెట్టి, మధ్యలో ఓ-రింగ్ నొక్కి, పొడవాటి బోల్టులతో బిగిస్తారు. నీరు కారదు, చూడ్డానికి గట్టిగానే ఉంటుంది. కానీ ఆ బిళ్ల గొట్టం అంచుని లోపలికి జరగకుండా ఆపదు, ఓ-రింగ్ మీద అంచు జారిపోగలదు. అలాంటి మూతని ఆధారంగా లెక్కపెట్టకూడదు. బిళ్ల లోపలివైపు 10 నుంచి 15 మి.మీ. మెట్టు తిప్పించి, అది గొట్టంలో ఒదిగి కూర్చునేలా చేయించుకోండి. ఆ మెట్టుకీ గొట్టానికీ మధ్య సందు కూడా తక్కువ ఉండాలి. అర మిల్లీమీటరు సందు ఉంటే అంచు అర మిల్లీమీటరు వంగాకే మెట్టు సాయానికి వస్తుంది. అప్పటికే ఆకారం చెడిపోయి ఉంటుంది.

మీ గొట్టం పొడుగుదా పొట్టిదా అన్నది ఈ హద్దుతో తేలుతుంది:

`Lc = 1.11 · D · √(D/t)`

ఇక్కడి నుంచి D అంటే గోడ మధ్య రేఖ వరకు కొలిచిన వ్యాసం, బయటి వ్యాసంలోంచి ఒక మందం తీసేస్తే వచ్చేది. మనకి 147.5. Lc సుమారు 1,257 మి.మీ. వస్తుంది. మన 400 దానికి చాలా లోపల ఉంది కాబట్టి ఇది పొట్టి గొట్టం, మూతల సాయం దీనికి బాగా అందుతుంది.

4. బక్లింగ్ పీడనం లెక్కకట్టండి

ముందు పొడుగు గొట్టం సూత్రం. మూతల సాయం అస్సలు లేదనుకుంటే నలిగే పీడనం ఇది:

`p = 2E/(1−ν²) · (t/D)³`

మన 2.5 మి.మీ. గొట్టానికి 0.75 మెగాపాస్కల్ వస్తుంది. అంటే ఇదే గొట్టాన్ని మీటరున్నర పొడవుతో కట్టి దించితే దాదాపు 75 మీటర్ల దగ్గరే చప్పిడైపోయే ప్రమాదం ఉంది, తొమ్మిది రెట్ల "భద్రత" ఉండగానే. మొదట్లో అడిగిన ప్రశ్నకి జవాబు ఇదే.

పొట్టి గొట్టానికి విండెన్‌బర్గ్, ట్రిల్లింగ్ 1934లో ఇచ్చిన సూత్రం చేతి లెక్కకి ఎంతో అనువైనది:

`p = 2.42·E/(1−ν²)^0.75 · (t/D)^2.5 / (L/D − 0.45·√(t/D))`

అంకెలు పెట్టి చూద్దాం. t/D = 0.01695. దాని 2.5వ ఘాతం 0.0000374. ముందున్న గుణకం 182,000. రెండూ గుణిస్తే 6.81. కింద L/D 2.712, అందులోంచి 0.059 తీసేస్తే 2.653. భాగిస్తే 2.57 మెగాపాస్కల్.

మనకి కావలసింది 1.005. అంటే రెండున్నర రెట్లు ఉంది. చాలనిపిస్తుంది కానీ చాలదు. ఈ అంకె నిఖార్సైన గుండ్రటి గొట్టానిది, అలాంటి గొట్టం ఎవరి దగ్గరా ఉండదు. పీడన పాత్రల ఏఎస్ఎంఈ నియమావళి బయటి పీడనానికి గురయ్యే సిలిండర్లకి 3 రెట్ల మార్జిన్ అడుగుతుంది. సొంతంగా కట్టుకునేవాళ్లు అంతకన్నా తక్కువకి దిగడం నాకు సమ్మతం కాదు. అయితే మందం 3 మి.మీ.కి పెంచి అదే లెక్క వేయండి. D 147 అవుతుంది, జవాబు 4.08 మెగాపాస్కల్, అంటే నాలుగు రెట్లు. అర మిల్లీమీటరు లోహం కలిపితే తట్టుకునే పీడనం దాదాపు అరవై శాతం పెరిగింది. మందం మీద 2.5వ ఘాతం ఉండటం వల్ల వచ్చిన లాభం ఇది. అదే కారణానికి ఇది వెనక్కి కూడా కొడుతుంది, ఆ సంగతి తర్వాతి మెట్టులో.

రెండో సూత్రంతో సరిచూసుకోకుండా ముందుకి పోకండి. 1914లో ఫాన్ మీజెస్ ఇచ్చిన పద్ధతి, గొట్టం చుట్టూ ఎన్ని అలలుగా మడతపడుతుందో కూడా చెబుతుంది. ఆ సంఖ్య n. ప్రతి n కీ ఒక పీడనం వస్తుంది. అన్నిటిలో తక్కువదే అసలు జవాబు.

```python
from math import pi
E, nu = 69000, 0.33
Do, t, L = 150, 3.0, 400
R = (Do - t)/2
Z = pi*R/L
for n in range(2, 9):
    a = 1/(n**2/Z**2 + 1)**2
    b = t**2/(12*R**2*(1 - nu**2))*(n**2 - 1 + Z**2)**2
    p = E*t/R*(a + b)/(n**2 - 1 + Z**2/2)
    print(n, round(p, 2))
```

3 మి.మీ. గొట్టానికి n = 2 దగ్గర 6.80, n = 3 దగ్గర 4.17, n = 4 దగ్గర 6.88 వస్తాయి. అన్నిటికన్నా తక్కువది 4.17, పై సూత్రం ఇచ్చిన 4.08కి బాగా దగ్గర. రెండింట్లో చిన్నది తీసుకోండి. రెండు జవాబులకీ పది శాతం కన్నా ఎక్కువ తేడా వస్తే ఎక్కడో యూనిట్ తప్పింది, లేదా వ్యాసం బదులు వ్యాసార్ధం పెట్టారు, లేదా మీ గొట్టం Lc హద్దు దాటిపోయింది. హద్దు దాటితే పొడుగు గొట్టం సూత్రాన్నే నమ్మండి.

n = 3 వచ్చిందని రాసి పెట్టుకోండి. ఈ గొట్టం నలిగితే కోడిగుడ్డులా అణగదు, చుట్టూ మూడు చోట్ల లోయలు పడుతుంది. తర్వాతి మెట్టు మొత్తం ఈ మూడు మీదే నడుస్తుంది.

ఇంకొక్క పరిశీలన. యీల్డ్‌తో పోయే పీడనం `2·σy·t/D`, మన 3 మి.మీ. గొట్టానికి 11.3. బక్లింగ్ పీడనం దానిలో సగానికి లోపలే ఉంది కాబట్టి పై సూత్రాలు చెల్లుతాయి. మీ లెక్కలో బక్లింగ్ పీడనం యీల్డ్ పీడనంలో సగం దాటిందంటే గొట్టం లావైనదన్నమాట. అప్పుడు లోహం లొంగడం, ఆకారం చెడటం రెండూ కలిసి వస్తాయి, ఈ సూత్రాలు ఉన్నదానికన్నా ఎక్కువ చెబుతాయి. దానికి వేరే పద్ధతులు వాడాలి.

5. గొట్టాన్ని కొలవండి

ముందు మందం. రెండు చివర్లలో ఒక్కో చోట ఎనిమిది బిందువుల దగ్గర కొలిచి, అన్నిటికన్నా తక్కువదాన్నే లెక్కలో వాడండి. సగటు వాడకండి, బిల్లు మీద రాసిన అంకె అసలే వాడకండి. మందం పది శాతం తగ్గితే తట్టుకునే పీడనం దాదాపు 23 శాతం పడిపోతుంది. ఎక్స్‌ట్రూజన్ గొట్టాల్లో లోపలి రంధ్రం ఒక పక్కకి జరిగి ఉండటం మామూలే. ఒకవైపు 3.2, ఎదురుగా 2.8 ఉంటే మీ గొట్టం 2.8దే.

ఇప్పుడు గుండ్రతనం. అందరూ చేసేది కాలిపర్‌తో నాలుగైదు చోట్ల వ్యాసం చూడటం. గొట్టం కోడిగుడ్డు ఆకారంలో నొక్కుకుపోయి ఉంటే కాలిపర్ అది పట్టుకుంటుంది. పెద్ద వ్యాసానికీ చిన్న వ్యాసానికీ తేడా 1 శాతానికి మించకూడదు, మన గొట్టానికి 1.5 మి.మీ. అన్నమాట. అది చాలదు. ఎందుకో చెబుతాను.

ఒకసారి ఒక గొట్టాన్ని కాలిపర్‌తో చుట్టూ పదిచోట్ల కొలిచాను. ప్రతిచోటా 150.1, లేదా 150.2. చాలా బాగుందనుకున్నాను. తర్వాత వీ-బ్లాక్ మీద పెట్టి పైన డయల్ గేజ్ మొన ఆనించి మెల్లగా తిప్పితే ముల్లు ఎక్కడం, దిగడం, మళ్లీ ఎక్కడం మొదలెట్టింది. ఒక చుట్టులో కచ్చితంగా మూడుసార్లు, ప్రతిసారీ మిల్లీమీటరుకి పైగా. గొట్టం మూడు మూలల ఆకారంలో ఉంది. అలాంటి ఆకారంలో ఒక ఉబ్బుకి సరిగ్గా ఎదురుగా ఒక పల్లం వస్తుంది. ఒకవైపు పెరిగినంతా ఎదుటివైపు తగ్గుతుంది కాబట్టి ఎటు పట్టినా వ్యాసం మారదు. రెండు దవడల మధ్య కొలిచే ఏ పరికరానికీ ఇది కనబడదు. మన గొట్టం నలగబోయేది సరిగ్గా ఆ మూడు అలల్లోనే. అంటే అన్నిటికన్నా ప్రమాదకరమైన వంకరని కాలిపర్ దాచిపెడుతుంది.

చేయాల్సింది ఇది. వీ-బ్లాక్‌ని గొట్టం నడిమధ్యకి దగ్గరగా పెట్టండి, డయల్ మొన వీ-బ్లాక్‌కి సరిగ్గా పైన ఉండాలి. రెండు వీ-బ్లాకులు చివర్లలో పెట్టి మధ్యలో కొలిస్తే వేర్వేరు కోతల వంకర్లు కలిసిపోతాయి. గొట్టాన్ని పూర్తిగా ఒక చుట్టు తిప్పుతూ ప్రతి 15 డిగ్రీలకీ డయల్ అంకె రాసుకోండి. ముల్లు చుట్టుకి మూడుసార్లు ఊగితే, ఎక్కువ తక్కువల తేడాని 4తో భాగించండి. అదే నిజమైన గుండ్రం నుంచి గోడ తప్పుకున్న దూరం, w0. (90 డిగ్రీల వీ-బ్లాక్ మూడు అలల వంకరని రెట్టింపు చేసి చూపిస్తుంది, అందుకే 4.) చుట్టుకి రెండుసార్లే ఊగితే అది కోడిగుడ్డు ఆకారం, తేడాని 2తో భాగించండి.

వీ-బ్లాక్ దొరకకపోతే, పలుచని ప్లైవుడ్ మీద 75 మి.మీ. వ్యాసార్ధంతో, మీ గొట్టం చుట్టుకొలతలో ఆరో వంతు పొడవు చాపం కోయించుకుని గోడకి ఆనించి, సందుల్లో ఫీలర్ గేజ్ దూర్చి చూడండి. ఖచ్చితత్వం తక్కువే, కానీ మూడు అలలని పట్టుకుంటుంది. ఒక్క కాలిపర్ కన్నా ఎంతో నయం.

6. వంకరని లెక్కలోకి తీసుకోండి

గోడ ముందే కొంచెం వంకరగా ఉంటే పీడనం ఎక్కేకొద్దీ ఆ వంకర పెరుగుతుంది. బక్లింగ్ పీడనానికి దగ్గరయ్యేకొద్దీ మరీ వేగంగా పెరుగుతుంది. దానివల్ల గోడలో వచ్చే అదనపు వంపు ఒత్తిడికి ఒక సులభమైన అంచనా ఉంది:

`σb = E·t/(2(1−ν²)) · (n²−1)/R² · w0 · r/(1−r)`, ఇక్కడ `r = p/pcr`, pcr అంటే 4వ మెట్టులో తేలిన బక్లింగ్ పీడనం, R అంటే D లో సగం

3 మి.మీ. గొట్టానికి w0 = 0.4 మి.మీ. అనుకోండి. 100 మీటర్ల దగ్గర r = 0.246. వంపు ఒత్తిడి 22, చుట్టువారీ ఒత్తిడి 25, మొత్తం 47 మెగాపాస్కల్. యీల్డ్‌కి చాలా దూరం.

అదే గొట్టాన్ని మూడు రెట్ల పీడనం, 3.015 దగ్గర చూడండి. r = 0.739. పీడనం మూడింతలే అయినా వంపు ఒత్తిడి 195కి ఎగబాకింది. చుట్టువారీ ఒత్తిడి 74 కలిపితే 269. యీల్డ్ 276. అంటే నాలుగు రెట్లు అనుకున్న మార్జిన్, 0.4 మి.మీ. వంకర వల్ల మూడు రెట్లకి దిగింది. గోడ ఎక్కడైనా యీల్డ్ అందుకుంటే అక్కడ బిగుతు పోతుంది, ఇక గొట్టం నిలవదు. నా కొలమానం ఇదే: మూడు రెట్ల పీడనం దగ్గర ఈ మొత్తం ఒత్తిడి యీల్డ్ దాటకూడదు. మన 3 మి.మీ. గొట్టం w0 0.4 లోపల ఉంటే గట్టెక్కుతుంది, మించితే గొట్టం మార్చాలి. 2.5 మి.మీ. గొట్టానికి ఈ మెట్టుదాకా రావాల్సిన పని కూడా లేదు. దాని బక్లింగ్ పీడనమే మూడు రెట్ల కన్నా తక్కువ.

7. చాలకపోతే ఏం మార్చాలి

గట్టి మిశ్రలోహం కొనడం ముందుగా తోచే ఆలోచన. డబ్బు దండగ. 7075 అల్యూమినియం యీల్డ్ 6061 కన్నా ఎంతో ఎక్కువ, కానీ దాని E దాదాపు 71,700, అంటే నాలుగు శాతం తేడా. నలిగే పీడనం కూడా ఆ నాలుగు శాతమే పెరుగుతుంది. స్టీలుకి E సుమారు 2,00,000 కాబట్టి అదే కొలతల్లో దాదాపు మూడు రెట్లు తట్టుకుంటుంది, బరువు కూడా అలాగే పెరుగుతుంది. యాక్రిలిక్, పీవీసీ లాంటి ప్లాస్టిక్‌ల E అల్యూమినియంలో ఇరవయ్యో వంతు దగ్గర ఉంటుంది. పైగా బరువు కింద గంటల తరబడి ఉంటే అవి మెల్లగా సాగుతాయి. ఉదయం నిలిచిన గొట్టం సాయంత్రానికి నలగవచ్చు. ప్లాస్టిక్‌కి ఈ వ్యాసంలోని 3 రెట్ల కొలమానం వాడకండి.

మందం పెంచడం అన్నిటికన్నా సులభం. లోపల చోటు, బరువు అనుమతించకపోతే నడుమ ఒక రింగు పెట్టి పొడవుని సగం చేయొచ్చు. 2.5 మి.మీ. గొట్టానికి సరిగ్గా మధ్యలో రింగు పెడితే L 200 అవుతుంది, లెక్క ప్రకారం నలిగే పీడనం 2.57 నుంచి 5.25కి పెరుగుతుంది. ఇది యీల్డ్ పీడనంలో సగం కొంచెం దాటింది కాబట్టి నిజంగా అందేది దీనికన్నా కొంత తక్కువే. మందం అర మిల్లీమీటరు పెంచినదానికన్నా ఎక్కువ లాభం.

కానీ ఏ రింగు పడితే ఆ రింగు పనికిరాదు. రింగు కూడా నలగకుండా ఉండాలి. దాని అడ్డుకోతకి కావలసిన జడత్వ భ్రామకం కనీసం:

`I = p·Ls·R³/(3E)`

ఇక్కడ p అంటే మూడు రెట్ల పీడనం 3.02, Ls అంటే రింగు మోసే నిడివి 200. లెక్కిస్తే 1,170 మి.మీ.⁴. 6 మి.మీ. వెడల్పు, 14 మి.మీ. ఎత్తు ఉన్న రింగుకి 1,372 వస్తుంది, అది చాలు. 3 మి.మీ. మందం బద్దీని వంచి గొట్టంలో బద్దె వేసినట్టు అతికిస్తే లెక్కలో L సగమవుతుంది గానీ నీళ్లలో గొట్టం ఆ బద్దీతో సహా నలుగుతుంది. రింగు గోడకి చుట్టూ ఆనుకుని ఉండాలి. వెల్డింగ్ చేయకండి. 6061-టీ6కి వెల్డింగ్ వేడి తగిలిన చోట యీల్డ్ బాగా పడిపోతుంది, గోడ వంకర్లు కూడా పోతుంది. రింగుని చల్లబరిచి, గొట్టాన్ని కొంచెం వేడిచేసి బిగుతుగా కూర్చోబెట్టడం మంచిది. కూర్చోబెట్టాక గుండ్రతనం మళ్లీ కొలవండి.

గొట్టం గోడకి రంధ్రాలు పెట్టకండి. కేబుల్, స్విచ్, వాల్వు ఏదైనా మూతలోంచే తీసుకోండి.

8. పరీక్షించండి

హెచ్చరిక: ఈ పరీక్షలో బయటి పాత్రలో గాలి ఉండకూడదు. నలిగిన క్షణంలో ఒత్తిడిలో ఉన్న గాలి దాచుకున్న శక్తి మొత్తం విడుదలవుతుంది, మూతలు ఎగిరిపోతాయి. పాత్రని నీళ్లతో నింపి, పైనున్న కుళాయిలోంచి బుడగలు ఆగేదాకా గాలి వదలండి. పాత్ర మీరు పెట్టబోయే పీడనానికి తగినదై ఉండాలి. పంపు కొట్టేటప్పుడు మూతకి ఎదురుగా నిలబడకండి.

గొట్టం లోపల కూడా నీళ్లు నింపండి. మూతలోంచి ఒక సన్నటి గొట్టం పాత్ర బయటికి తెచ్చి, గీతలున్న గాజు గొట్టానికి కలపండి. దాని పైకొస తెరిచే ఉంచాలి. ఇప్పుడు బయటి పీడనం పెంచితే మీ గొట్టం కొద్దిగా కుదించుకుపోతుంది, ఆ మేరకి లోపలి నీరు గాజు గొట్టంలోకి ఎక్కుతుంది. ఒకవేళ గొట్టం నలిగినా, లోపల గాలి బదులు నీళ్లున్నందున అది పగిలినట్టు చప్పిడైపోదు, మెల్లగా మడతపడుతుంది.

ఎంత నీరు రావాలో ముందే లెక్కకట్టుకోండి:

`ΔV = V · p·R/(E·t) · (2.5 − 2ν)`

మన 3 మి.మీ. గొట్టంలో సుమారు 6.5 లీటర్లు పడతాయి. 100 మీటర్ల పీడనానికి 4.3 మిల్లీలీటర్లు, దానికి ఒకటిన్నర రెట్లయిన 1.5 మెగాపాస్కల్‌కి 6.4 మిల్లీలీటర్లు రావాలి. 0.25 చొప్పున పీడనం పెంచుతూ, ప్రతి మెట్టు దగ్గర రెండు నిమిషాలు ఆగి, ఎంత నీరు వచ్చిందో రాసుకోండి. మొదటి ఒకటి రెండు మెట్లలో ఎక్కువ రావచ్చు, మూతలు ఓ-రింగుల మీద సర్దుకోవడం, లోపల మిగిలిన బుడగలు దానికి కారణం. అందుకని ఒకసారి 0.5 దాకా ఎక్కించి దించి, మళ్లీ సున్నా నుంచి మొదలుపెట్టండి.

వచ్చిన అంకెలని గ్రాఫ్ మీద పెట్టండి. గీత తిన్నగా పోతూ, లెక్కకట్టిన వాలుకి పదిహేను శాతం లోపల ఉంటే సరే. వాలు అంతకన్నా ఎక్కువ ఉంటే మందం తప్పుగా కొలిచారు, లేదా E తప్పు పెట్టారు. గీత పైకి వంగడం మొదలైందంటే, అంటే ఒకే 0.25కి ప్రతిసారీ ముందుకన్నా ఎక్కువ నీరు వస్తోందంటే, వెంటనే పీడనం దించేయండి. ఆకారం చెడటం మొదలైంది. పీడనం అలాగే ఉంచినా గాజు గొట్టంలో నీరు మెల్లగా ఎక్కుతూ ఉంటే రెండే కారణాలు: ఓ-రింగ్ దగ్గర కారుతోంది, లేదా గోడ లొంగుతోంది. తేల్చుకోవడం సులువు. పీడనం సున్నాకి దించండి. నీరు మొదటి గీతకి రాకుండా ఎక్కువ మిగిలిపోతే, గొట్టాన్ని బయటికి తీసి మళ్లీ వీ-బ్లాక్ మీద తిప్పండి. పరీక్షకి ముందు రాసుకున్న డయల్ అంకెలతో పోల్చండి. ఊగు 0.05 మి.మీ. కన్నా ఎక్కువ పెరిగి ఉంటే గోడ శాశ్వతంగా వంగింది, ఆ గొట్టాన్ని పక్కన పెట్టేయండి. డయల్ అంకెలు మారకపోతే కారింది ఓ-రింగ్ దగ్గరే, దాన్ని మార్చి పరీక్ష మొదటి నుంచి చేయండి.